మనీలా నీళ్లు, ఒక థీసిస్ వాక్యం

"అభివృద్ధి చెందుతున్న దేశాల్లో ప్రజోపయోగ సేవల ప్రైవేటీకరణ వల్ల కొన్ని లాభాలు, కొన్ని నష్టాలు కలిగాయి." ఎం.ఏ. విద్యార్థుల వ్యాసాల్లో, సివిల్స్ పరీక్షల జవాబుల్లో, విదేశీ యూనివర్సిటీలకు వెళ్లిన మన పిల్లలు రాసే మొదటి సెమిస్టరు పేపర్లలో ఈ వాక్యం వేషాలు మార్చుకుంటూ కనిపిస్తూనే ఉంటుంది. ఇందులో అబద్ధం లేదు. చిక్కల్లా అదే. కాదనేవాడు ఒక్కడూ లేని మాటను నిరూపించడానికి పదిహేను పేజీలు ఎందుకు ఖర్చు చేయాలి? ఇలా మొదలైన వ్యాసం ఎక్కడ తేలుతుందో చదవకుండానే చెప్పవచ్చు. సగం పేజీలు లాభాల జాబితా, సగం పేజీలు నష్టాల జాబితా, చివర ప్రభుత్వం తగు జాగ్రత్తలు తీసుకోవాలని ఒక సలహా.

వ్యాసం మొదట్లోనే నిలబడి, మిగతా పేజీలన్నీ దేన్ని నిరూపించబోతున్నాయో చెప్పే వాక్యాన్ని థీసిస్ స్టేట్‌మెంట్ అంటారు. రాజకీయ అర్థశాస్త్రంలో దాని పని ఇంకొంచెం కష్టం. చార్జీ ఎంత పెరిగిందో చెబితే సరిపోదు. ఆ చార్జీని ఎవరు నిర్ణయించారు, నష్టం వచ్చినప్పుడు ఎవరు భరించారు, భరించాల్సినవాళ్లు దాన్ని పక్కవాళ్ల మీదకు ఎలా నెట్టగలిగారు అన్నది చెప్పాలి. ఎవరి బలం ఎంతో చెప్పని వాక్యం చూడ్డానికి ఎంత గంభీరంగా ఉన్నా ఈ సబ్జెక్టులో పనికిరాదు.

ఆ వాక్యం ఎలా తయారవుతుందో చూడాలంటే ఒక ఊరు కావాలి. ఎక్కువమంది బొలీవియాలోని కొచబాంబా దగ్గరికి పరుగెత్తుతారు. 2000లో అక్కడి జనం వీధుల్లోకి వచ్చి, ఒక విదేశీ కంపెనీతో కుదిరిన నీటి ఒప్పందాన్ని రద్దు చేయించారు. కథ బాగుంటుంది, నాయకులుంటారు, పోరాటం ఉంటుంది. కానీ అక్కడ ఒకే కంపెనీ, ఒకే ఫలితం. పోల్చి చూడ్డానికి పక్కన ఇంకోటి లేదు. ఫిలిప్పీన్స్ రాజధాని మనీలాలో అది దొరుకుతుంది. ఒకే నగరం, ఒకే చట్టం, ఒకే రోజు, రెండు కంపెనీలు. పదేళ్లలోపే ఒకటి స్టాక్ మార్కెట్‌కు ఎక్కింది, ఇంకోటి దివాలా అంచుకు వెళ్లింది. థీసిస్ వాక్యం కోసం వెతికేవాళ్లకు ఇంతకంటే మంచి చోటు నాకు తెలిసి లేదు.

మనీలాలో జరిగింది

1990ల్లో మనీలా మహానగరానికి నీళ్లిచ్చేది ఎండబ్ల్యూఎస్ఎస్ అనే ప్రభుత్వ సంస్థ. అది పంపిన నీటిలో సగానికి పైగా ఎక్కడికి పోతోందో లెక్క ఉండేది కాదు. పగిలిన పైపుల్లో కొంత, దొంగ కనెక్షన్లలో కొంత పోయేది. పైపు లేని బస్తీల్లో జనం అమ్మకందారుల దగ్గర బిందెల లెక్కన కొనుక్కునేవాళ్లు. వాళ్లు కట్టేది కనెక్షన్ ఉన్న ఇంటి చార్జీ కంటే ఎన్నో రెట్లు ఎక్కువ. అధ్యక్షుడు ఫిడెల్ రామోస్ హయాంలో 1995లో జాతీయ నీటి సంక్షోభ చట్టం వచ్చింది. ప్రపంచ బ్యాంకు కుటుంబానికి చెందిన ఐఎఫ్‌సీ సలహాతో నగరాన్ని తూర్పు, పడమర అని రెండు మండలాలుగా విడగొట్టి, 25 ఏళ్ల కన్సెషన్‌కు వేలం పెట్టారు. ఇక్కడ ఒక సంగతి గమనించాలి. డ్యాములు, పైపులు ఎవరికీ అమ్మలేదు. అవి ప్రభుత్వానివే. నడిపే హక్కు, వసూలు చేసుకునే హక్కు, పెట్టుబడి పెట్టే బాధ్యత మాత్రమే కంపెనీలకు ఇచ్చారు.

వేలంలో షరతు ఒక్కటే. ఎవరు తక్కువ చార్జీకి ఒప్పుకుంటే వాళ్లది. అప్పటి చార్జీ ఘనపు మీటరుకు, అంటే వెయ్యి లీటర్లకు, 8.78 పెసోలు. తూర్పు మండలానికి అయాలా కుటుంబం ఆధ్వర్యంలోని మనీలా వాటర్ 2.32 పెసోలకు బిడ్ వేసి గెలిచింది. పడమటికి కూడా అయాలా బిడ్డే తక్కువ. కానీ ఒకరికి రెండూ ఇవ్వకూడదన్నది నిబంధన కాబట్టి పడమర లోపెజ్ కుటుంబం, ఫ్రాన్స్‌కు చెందిన స్యూజ్ కలిసి పెట్టిన మేనిలాడ్‌కు 4.97 పెసోలకు దక్కింది. ఎండబ్ల్యూఎస్ఎస్ పాత విదేశీ అప్పు దాదాపు 80 కోట్ల డాలర్లు. కంపెనీలు కట్టే కన్సెషన్ ఫీజుతోనే ఆ అప్పు తీరాలి. దాన్ని పంచినప్పుడు 90 శాతం పడమటి కంపెనీ మీద పెట్టారు, 10 శాతం తూర్పు మీద.

రెండు కంపెనీలూ పగ్గాలు చేపట్టింది 1997 ఆగస్టు 1న. సరిగ్గా దానికి మూడు వారాల ముందే ఆసియా కరెన్సీ సంక్షోభం ఫిలిప్పీన్స్‌ను తాకింది. డాలరుకు 26 పెసోలుండేది మరుసటి ఏడాది మొదలయ్యేసరికి 40 దాటింది. దానికి తోడు ఎల్ నినో కరువు. నగరానికి వచ్చే నీళ్లన్నీ దాదాపుగా అంగట్ డ్యామ్ నుంచే. అది అడుగంటింది. పెసోల్లో వసూలు చేసి డాలర్లలో అప్పు తీర్చాల్సిన కంపెనీకి ఇంతకంటే చెడ్డ ముహూర్తం ఉండదు.

2001 మార్చిలో మేనిలాడ్ కన్సెషన్ ఫీజు కట్టడం ఆపేసింది. ఎండబ్ల్యూఎస్ఎస్ తానే అప్పు చేసి పాత అప్పులు కట్టాల్సి వచ్చింది. అదే ఏడాది అక్టోబరులో ఒప్పందాన్ని సవరించి, కరెన్సీ నష్టాన్ని చార్జీల్లో త్వరగా రాబట్టుకునే వీలు కల్పించారు. అది చాలలేదు. 2002 డిసెంబరులో కంపెనీ ఒప్పందం వదిలేస్తానని నోటీసు ఇచ్చింది. మధ్యవర్తుల మండలి 2003లో రద్దుకు కారణం లేదని, ఫీజు కట్టాల్సిందేనని చెప్పింది. కంపెనీ కోర్టుకెళ్లి పునరుద్ధరణ రక్షణ కోరింది. 2005లో బకాయిల బదులు సుమారు 84 శాతం వాటా ప్రభుత్వ సంస్థ చేతికొచ్చింది. లోపెజ్ కుటుంబం తప్పుకుంది. 2006 చివర్లో మళ్లీ వేలం వేసి ఇంకో ప్రైవేటు కూటమికి అమ్మారు. ఈ లోపు తూర్పున మనీలా వాటర్ 2005లో స్టాక్ మార్కెట్‌లో నమోదైంది. 2010 నాటికి అక్కడ లెక్కలో లేకుండా పోయే నీరు 11 శాతానికి దిగింది.

వాక్యం చెక్కడం

ఇప్పుడు దీని మీద వాక్యం రాయాలి. మొదట అందరికీ తట్టేది ఇది: "మనీలాలో నీటి ప్రైవేటీకరణ పేదలకు అన్యాయం చేసింది." లాభనష్టాల వాక్యం కంటే ఇది మేలు, ఎందుకంటే దీన్ని కాదనేవాళ్లుంటారు. అయితే కాదనడానికి వాళ్లకు పెద్ద కష్టం కూడా లేదు. తూర్పు కంపెనీ బస్తీల్లో ఇళ్ల గుంపులకు కలిపి కనెక్షన్లిచ్చే పథకం నడిపింది. దివాలాకు వెళ్లిన పడమటి కంపెనీ కూడా తొలి ఏళ్లలో మురికివాడల్లో వేల ఇళ్లకు పైపులు వేసింది. అంతకుముందు బిందెల లెక్కన కొన్నవాళ్లకు, చార్జీ పెరిగినా సరే, ఖర్చు తగ్గింది. చార్జీల పెంపు ఎక్కువగా తగిలింది అప్పటికే కనెక్షన్ ఉన్నవాళ్లకు. కాబట్టి "పేదలు" అన్న ఒక్క మాట కింద రెండు వేర్వేరు గుంపులు ఉన్నాయి. వాళ్ల ప్రయోజనాలు ఒకటి కావు. థీసిస్ వాక్యంలో పెద్ద మాట ఏదైనా కనిపిస్తే, దాని కింద ఇలా ఎవరెవరు దాక్కున్నారో విడదీసి చూడాలి. రాజకీయ అర్థశాస్త్రంలో సగం పని అక్కడే పూర్తవుతుంది.

"ప్రైవేటీకరణ" అన్నదీ అలాంటి మాటే. మనీలాలో జరిగింది కన్సెషన్. పెట్టుబడి భారం కంపెనీదే. సెనెగల్ రాజధాని డకార్‌లో 1996 నుంచి నడిచింది వేరు. అక్కడ పెట్టుబడి భారం చాలావరకు ప్రభుత్వ సంస్థదే, నడపడం మాత్రమే ప్రైవేటు కంపెనీది. డాలరు పెరిగితే మొదటి దానిలో కంపెనీ కుదేలవుతుంది, రెండో దానిలో ఖజానా. ఈ రెంటినీ ఒకే మాటలో చుట్టేసి కారణాలు చెప్పబోతే వాక్యం నిలబడదు. "అభివృద్ధి చెందుతున్న దేశాల్లో" అని ప్రశ్నపత్రంలో ఉన్నంత మాత్రాన జవాబులో వంద దేశాలూ రానక్కర్లేదు. ఒక రకం ఒప్పందం, ఒకటి రెండు నగరాలు చాలు. అవి ఆ ప్రశ్నకు ఎందుకు సరిపోతాయో ఒక్క వాక్యంలో చెప్పుకుంటే పరీక్షకులు అభ్యంతరపెట్టరు.

రెండో ప్రయత్నం ఇలా ఉండవచ్చు: "1997 నాటి కరెన్సీ సంక్షోభమే పడమటి మనీలా నీటి కన్సెషన్ కూలడానికి కారణం." ఇది పదునుగా కనిపిస్తుంది. కారణం చెప్పింది, చోటు చెప్పింది, కాలం చెప్పింది. కానీ పక్క మండలం వెంటనే అడ్డొస్తుంది. పెసో ఇద్దరికీ ఒకేసారి పడింది. అంగట్ డ్యామ్ ఇద్దరికీ ఎండింది. ఇద్దరికీ ఉమ్మడిగా తగిలిన దెబ్బ ఒకరే ఎందుకు పడ్డారో చెప్పలేదు. పోల్చడానికి రెండు మండలాలున్న ఊరిని ఎంచుకోవడంలో లాభం ఇదే. వాక్యంలోని బొక్క రాసేవాడికే ముందు కనిపిస్తుంది.

అయితే మరీ తక్కువ బిడ్ వేయడమే కొంప ముంచిందందామా? చాలామంది అక్కడికే వస్తారు. వేలంలో తక్కువకు పాడి కాంట్రాక్టు పట్టి, తర్వాత రేట్లు పెంచమని అడగడం మనకు రోడ్ల కాంట్రాక్టుల్లోనూ తెలిసిన ఎత్తే. కానీ ఆ రెండు అంకెల వైపు ఇంకోసారి చూడండి. మరీ తక్కువకు పాడింది 2.32తో బతికి బట్టకట్టిన తూర్పు కంపెనీ. కూలింది దానికి రెట్టింపు పైన చార్జీ ఉన్న పడమటి కంపెనీ. ఒక్క అంకెతో ఆ వాదన పడిపోతుంది. నా మటుకు నాకు థీసిస్ రాసేటప్పుడు అన్నిటికంటే ఉపయోగపడే పని ఇదే అనిపిస్తుంది. వాక్యం రాయగానే దాన్ని చంపగల ఒక్క నిజం ఏదని అడగాలి. ఆ నిజం చేతిలో ఉన్న కాగితాల్లోనే ఉంటే వాక్యం మార్చాలి. అలాంటి నిజం ఊహకు కూడా అందకపోతే ఇంకా ప్రమాదం. అంటే ఆ వాక్యం ఏమీ చెప్పడం లేదన్నమాట.

ఇద్దరి మధ్యా నిజంగా తేడా ఉన్నది అప్పు పంపకంలో. 90, 10. ఇక్కడికొస్తే వాక్యం ఇలా మారుతుంది: "విదేశీ అప్పులో 90 శాతం పడమటి మండలం మీద మోపడం వల్ల కరెన్సీ సంక్షోభంలో ఆ కన్సెషన్ కూలింది." ఇది నిజానికి దగ్గరగా ఉంది. ఎకనామిక్స్ పేపరుకైతే చాలు కూడా. రాజకీయ అర్థశాస్త్రం మాత్రం ఇంకో ప్రశ్న అడుగుతుంది. ఆ పంపకం అందరికీ తెలిసే వేలం పాడారు కదా. డాలరు పెరిగితే నష్టం ఎవరిదో ఒప్పందంలో రాసే ఉంది. కంపెనీ ముందు భరించి, మిగిలిన ఏళ్ల మీద చార్జీల్లో నెమ్మదిగా రాబట్టుకోవాలి. మరి రాసుకున్న మాట ఎందుకు నిలవలేదు? ఫీజు ఎగ్గొట్టిన కంపెనీకి ప్రభుత్వం ఒప్పందం రద్దు చేయాల్సింది పోయి, అదే ఏడాది ఒప్పందాన్ని దానికి అనుకూలంగా ఎందుకు సవరించింది?

జవాబు నీళ్లలోనే ఉంది. మామూలు కంపెనీ అప్పు కట్టకపోతే తాళం వేయవచ్చు. కొన్ని పదుల లక్షల మందికి నీళ్లిచ్చే కంపెనీకి తాళం వేయలేరు. రద్దు చేస్తే మర్నాడు పంపులు ఎవరు తిప్పుతారు? ఎండబ్ల్యూఎస్ఎస్ అప్పటికే తన సిబ్బందిలో ఎక్కువమందిని రెండు కంపెనీలకు అప్పగించి, పర్యవేక్షణకు మాత్రమే మిగిలింది. నడపగల చేతులు దానికి లేవు. ఫీజు ఆగితే విదేశీ అప్పుల వాయిదా తప్పేది ప్రభుత్వ సంస్థకే. ఆ చిక్కు ఇద్దరికీ తెలుసు. బేరంలో కంపెనీకి బలం వచ్చింది దాని సమర్థత నుంచి కాదు, అది ఆగిపోతే ఏమవుతుందన్న భయం నుంచి.

ఇప్పుడు వాక్యం రాయవచ్చు: "1997 మనీలా కన్సెషన్లలో కరెన్సీ నష్టాన్ని మొదట కంపెనీయే భరించాలని ఒప్పందం చెప్పినా, నీటి సరఫరా ఆగడాన్ని ప్రభుత్వం భరించలేదు కాబట్టి, అప్పులో 90 శాతం మోసిన పడమటి కంపెనీ ఫీజు ఎగవేతనే ఆయుధంగా చేసుకుని ఆ నష్టాన్ని 2001లో వినియోగదారుల మీదకు, 2005లో ఖజానా మీదకు నెట్టగలిగింది, నష్టం ఎవరిదన్నది ఒప్పందం కాక బేరమే తేల్చింది."

వాక్యం కాస్త పొడుగైంది. ఫరవాలేదు, కావాలంటే రెండుగా విరచవచ్చు. ముఖ్యమైనది దానిలో ఏముందన్నది. ఎవరు చేశారు, ఎవరి మీదకు నెట్టారు, ఏ బలంతో, ఎప్పటి నుంచి ఎప్పటి వరకు అన్నీ ఉన్నాయి. మంచి చెడ్డల తీర్పు లేదు. ప్రైవేటు కంపెనీలను ఇష్టపడేవాళ్లూ, ద్వేషించేవాళ్లూ ఇద్దరూ దీన్ని చదవగలరు, ఇద్దరూ దీనితో గొడవ పడగలరు. ఇంకో లాభం, వ్యాసం ఏ వరసలో నడవాలో ఈ వాక్యమే చెప్పేస్తోంది. ముందు ఒప్పందం నష్టాన్ని ఎవరికి ఇచ్చిందో చూపాలి, తర్వాత అప్పు పంపకం, తర్వాత 2001 ఎగవేత, సవరణ, తర్వాత 2005 బదలాయింపు. లాభనష్టాల వాక్యంలో పేరాలను ఎలా తారుమారు చేసినా తేడా తెలియదు. ఇక్కడ ఒక పేరా ముందుకూ వెనక్కూ జరిగితే వాదన తెగిపోతుంది. మీ వాక్యం పదును తెలుసుకోవడానికి ఇదొక సులువైన పరీక్ష.

ఎదుటి వాదన

ఇంత చెక్కిన వాక్యాన్ని కూడా గట్టిగా ఢీకొట్టే వాదన ఒకటుంది. అసలు తేడా యాజమాన్యంలో ఉందంటారు కొందరు. మనీలా వాటర్ తన మండలాన్ని చిన్న చిన్న ప్రాంతాలుగా విడదీసి, ఒక్కో ప్రాంతం నష్టాలకు అక్కడి సిబ్బందినే జవాబుదారీ చేసింది, కారే పైపుల మీద ముందు పడింది. మేనిలాడ్ ఆ పనిలో వెనకబడింది, ఏళ్ల తరబడి సగానికి పైగా నీటిని పోగొట్టుకుంటూనే ఉంది. 2007లో కొత్త యజమానులు వచ్చాకే అది మారింది. ఇది బలమైన వాదన. ఒక పేరాలో కొట్టిపారేయడం కుదరదు.

దీన్ని ఎదుర్కోవడానికి తప్పుడు దారి, యాజమాన్యం ముఖ్యం కాదని దబాయించడం. మన వాక్యం ఆ మాట అనలేదు కూడా. కంపెనీ ఎందుకు కష్టాల్లో పడిందన్నది ఒక ప్రశ్న. కష్టాల్లో పడ్డాక నష్టం చివరికి ఎవరి మీద పడిందన్నది ఇంకో ప్రశ్న. యాజమాన్యం వాదన మొదటి దానికి జవాబు, మన వాక్యం రెండో దానికి. పైగా కొత్త యజమానులు వచ్చేసరికి పరిస్థితులూ మారాయి. అప్పు సర్దుబాటు అయింది, కరెన్సీ నష్టాన్ని చార్జీల్లో వేసే దారి అప్పటికే తెరుచుకుంది, పెసో నిలదొక్కుకుంది. యాజమాన్యం, ఒప్పందం రెండూ కలిసే మారాయి కాబట్టి 2007 తర్వాతి మెరుగుదలలో దేని వాటా ఎంతో ఈ ఒక్క ఊరు చూసి విడదీయలేం. ఆ మాట వ్యాసంలో బాహాటంగా రాయాలి. దాచిన బలహీనతను చదివేవాడు పట్టుకుంటే మొత్తం వాదన మీదే నమ్మకం పోతుంది.

ఇంకో ఇబ్బంది 2019లో ఉంది. ఆ ఏడాది మార్చిలో తూర్పు మండలంలో రోజుల తరబడి నీళ్లు రాలేదు, జనం మండిపడ్డారు. నవంబరులో చార్జీల వివాదంలో అంతర్జాతీయ మధ్యవర్తిత్వం మనీలా వాటర్‌కు 739 కోట్ల పెసోలు చెల్లించాలని తీర్పిచ్చింది. అధ్యక్షుడు డుటెర్టే విరుచుకుపడ్డాడు. డిసెంబరుకల్లా ఆ కంపెనీ గెలిచిన సొమ్మును వదులుకుంది. మేనిలాడ్ కూడా తన తీర్పు సొమ్ము వదులుకుంది. 2021లో రెండు ఒప్పందాలూ ప్రభుత్వానికి అనుకూలంగా తిరగరాశారు. నీటి కంపెనీదే ఎప్పుడూ పైచేయి అన్నట్టు మన వాక్యాన్ని రాసి ఉంటే, ఈ సంఘటన దాన్ని అక్కడికక్కడే కూల్చేసేది.

అలా రాయలేదు. కాలం 2005 దగ్గర ఆపాం. కానీ కాలం ఆపడం ఒక్కటే చాలదు, ఎందుకు ఆపామో చెప్పాలి. 2001లో కంపెనీకి పోగొట్టుకోవడానికి పెద్దగా ఏమీ మిగల్లేదు, వదిలేసి వెళ్లడం దానికి బెదిరింపు కాదు, దాదాపు ఊరట. ప్రభుత్వానికి మాత్రం చేతిలో ప్రత్యామ్నాయం లేదు. 2019 నాటికి ఇది తలకిందులైంది. కంపెనీలకు లాభాలున్నాయి, షేరు ధరలున్నాయి, గడువు పొడిగింపు కావాలి. ఒప్పందం పోతే నష్టపోయేది వాళ్లు. ఎదురుగా జనాదరణ ఉన్న అధ్యక్షుడు. బలం ఎటు తిరిగిందో మన వాక్యంలోని సూత్రమే చెబుతోంది: విడిపోతే ఎవరు ఎక్కువ పోగొట్టుకుంటారో బేరంలో వాళ్లు తగ్గుతారు. వాక్యాన్ని చంపుతుందనుకున్న సంఘటన దాని హద్దును చూపించింది. అన్ని వాక్యాలకూ ఇలాంటి అదృష్టం పట్టదు. పట్టనప్పుడు వాక్యం వదిలేసుకోవడమే మార్గం.

మన దగ్గర చూస్తే

ఇదే పద్ధతిని తెలుగు విద్యార్థి కరెంటు మీద వాడవచ్చు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 1998లో విద్యుత్ సంస్కరణల చట్టం చేసింది. 1999 ఫిబ్రవరిలో విద్యుత్ బోర్డును జెన్‌కో, ట్రాన్స్‌కోగా విడగొట్టారు. 2000లో నాలుగు పంపిణీ సంస్థలు ఏర్పడ్డాయి. ప్రపంచ బ్యాంకు అప్పు, చార్జీల పెంపు, ఆ ఏడాది ఆగస్టు 28న హైదరాబాద్ బషీర్‌బాగ్ దగ్గర పోలీసు కాల్పులు, అన్నీ అప్పుడే. దీని మీద వ్యాసం రాసేవాళ్లలో చాలామంది "ఆంధ్రప్రదేశ్‌లో విద్యుత్ ప్రైవేటీకరణ విఫలమైంది" అని మొదలుపెడతారు. పంపిణీ సంస్థలను అసలు అమ్మనే లేదు. జరగని పని విఫలమైందని నిరూపించబోతే వ్యాసం మొదటి వాక్యంలోనే పక్కదారి పడుతుంది.

పక్కనే ఒడిశా ఉంది. దాదాపు అదే కాలంలో, అదే ప్రపంచ బ్యాంకు సలహాతో, 1999లో పంపిణీని ప్రైవేటు కంపెనీలకు అమ్మేసింది. దిల్లీ 2002లో అమ్మింది. ఆంధ్రప్రదేశ్ విడగొట్టి ఆగిపోయింది. ఈ తేడా మీద ఒక వాక్యం నేనిస్తాను: "వ్యవసాయ పంపుసెట్లు తక్కువగా ఉన్న ఒడిశా, దాదాపుగా లేని దిల్లీ పంపిణీని అమ్మగలిగాయి, మీటరు లేని పంపుసెట్లు కరెంటులో పెద్ద వాటా వాడిన ఆంధ్రప్రదేశ్‌లో, సంఘటితమైన రైతుల ఓట్ల వల్లా, సంస్థ రాబడి ప్రభుత్వ సబ్సిడీ మీద ఆధారపడడం వల్లా అమ్మకం రాజకీయంగా అసాధ్యమైంది."

దీన్ని పట్టుకుని విరగ్గొట్టి చూడండి. వ్యవసాయ కరెంటు ఎక్కువగా ఉన్న రాష్ట్రాల్లోనూ పంపిణీ ప్రైవేటు చేతికి వెళ్లిన నగరాలున్నాయా? మహారాష్ట్రలోని భివండి 2007లో, ఉత్తరప్రదేశ్‌లోని ఆగ్రా 2010లో ఫ్రాంచైజీ పద్ధతిలో ప్రైవేటు కంపెనీకి వెళ్లాయి. ఇవి వాక్యాన్ని చంపుతాయా, లేక పంపుసెట్లు లేని పట్టణ ముక్కను మాత్రమే కోసి ఇచ్చారు కాబట్టి బలపరుస్తాయా? 2000లో బషీర్‌బాగ్‌కు వచ్చిన ప్రదర్శకులు చార్జీల పెంపును వ్యతిరేకించారు. దాన్ని అమ్మకం ఆగడానికి కారణంగా చూపాలంటే ఏ రుజువు కావాలి? ఈ ప్రశ్నలకు జవాబు దొరికే వరకు నేనిచ్చిన వాక్యాన్ని నమ్మకండి. ఒక్కటి మాత్రం ఖాయం. ఆ సంస్కరణలు మొదలై పాతికేళ్లు దాటినా, విడిపోయిన రెండు రాష్ట్రాల్లోనూ పంపిణీ సంస్థలు ఇప్పటికీ ప్రభుత్వ కంపెనీలే.